కుట్టిన మూట

నేను దుబాయికి తిరిగి వెళ్లే ముందురోజు కమ్మర్‌పల్లిలో మా ఇంటికి మూటలు రావడం మామూలే. గుడ్డలో పెట్టి, చుట్టూ దారంతో కుట్టి, అక్కడ మా కార్మికుల క్యాంపులో ఉండే తమవాళ్లకు ఇమ్మంటారు. కుట్టిన మూట విప్పడమంటే ఇచ్చినవాళ్ల ముఖం మీద కొట్టినట్టే. అందుకే ఎవరూ విప్పరు.

ఆసారి నేను విప్పుతానన్నాను. క్యాంపులో మా గదిలో ఉండే ఒకతను ఎవరో ఇచ్చిన మందులతో అక్కడి ఎయిర్‌పోర్టులో దొరికిపోయాడు. తనవి కావని ఎంత మొత్తుకున్నా పోలీసులు వినలేదు. బ్యాగు ఎవరిదైతే అందులోని సరుకూ వాళ్లదే. అప్పటినుంచి ఎవరు మూట తెచ్చినా నాకు దొంగలాగే కనిపిస్తున్నారు.

పక్కింటి చెల్లె తన భర్త కోసం తెచ్చిన మూటను నేను కత్తెరతో విప్పుతుంటే ఆమె ముఖం మాడిపోయింది.

"నా మీద నమ్మకం లేదా అన్నా?"

"నీ మీద కాదమ్మా, మూట మీద" అన్నాను. అబద్ధం. ఆమె మీద కూడా లేదు.

సకినాలు, పసుపు, వాటి కింద కాగితంలో చుట్టిన మాత్రలు. డబ్బా లేదు, డాక్టరు చీటీ లేదు.

"నడుము నొప్పికన్నా. మెడికల్ షాపుల ఇచ్చిండ్రు."

షీటు వెనక పేరు చదివితే ట్రమడాల్. అక్కడ దాన్ని మత్తుమందుల లెక్కన చూస్తారు. చీటీతో పాటు ఆ దేశపు ఆరోగ్యశాఖ అనుమతి ముందే తీసుకోకపోతే జైలే. మాత్రలు తీసి ఆమె చేతిలో పెట్టి, అక్కడి డాక్టరుకు చూపించుకోమని భర్తకు చెప్పమన్నాను. నా అనుమానమే నిజమైందని లోలోపల కాస్త పొంగిపోయాను కూడా.

ఆమె మాత్రలు కొంగున కట్టుకుని, "మరి మీ అవ్వ కట్టింది ఇప్పినవా?" అంది.

ఒళ్లు మండింది. మా అమ్మ మూట విప్పడమేమిటి! నా కోపం చూసి అమ్మే నవ్వుతూ దారం తెంపింది. మామిడి తొక్కు, కారం, మటన్ మసాలా పొడి.

"మసాలాల ఏమేమి ఏసినవ్ అవ్వా?" అన్నాను, ఊరికే.

"ధనియాలు, లవంగాలు, గసగసాలు బిడ్డా."

గసగసాలు కూడా అక్కడ మత్తుమందు కిందే లెక్క, నిషేధం. ఆ సంగతి నాకు తెలుసు, పదిమందికి చెప్పాను కూడా. మా వంటింట్లో మాత్రం ఏనాడూ అడగలేదు.

"ఈసారే ఏసినవా?"

"ఏమడుగుతవ్ బిడ్డా! నువ్వు పోయినప్పుడల్లా ఏస్తనే ఉన్న. గసగసాలు లేకుంటె మసాలా ఎట్లైతది?"

నేను మసాలా పొడి తీసి అమ్మ చేతిలో పెట్టాను.