చాంది గీసిన చక్కెర దారి

చాంది దగ్గర ఒక కాగితం ఉందట, దాన్ని చూసి ఎవరి రక్తానికి ఏ మాత్ర పడుతుందో చెప్పేస్తుందట. బూర్గంపాడు సంతలో మిరపకాయలు బేరమాడేవాళ్లు కూడా ఈ మాటే చెప్పుకుంటున్నారు. ఒకావిడైతే ఆ కాగితాన్ని కళ్లకద్దుకోగానే చలిజ్వరం దిగిపోయిందని ఒట్టు పెట్టి మరీ చెప్పింది. అదంతా ఉత్తమాట. కాగితం ఉన్న మాట నిజం. దాన్ని చూసి చాంది ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పలేకపోయింది. ఆ పిల్ల బాధంతా అక్కడే ఉంది.

చాంది రెడ్యా, సక్రిల చిన్న కూతురు. వాళ్ల తండా అడవి అంచున ఉంటుంది. తెలుగు మీడియం హాస్టళ్లలో చదివి, వరంగల్‌లో డాక్టరు చదువులో సీటు తెచ్చుకుంది. మొదటి పరీక్షల్లో మిగతావన్నీ గట్టెక్కినా బయోకెమిస్ట్రీ తప్పింది. తప్పదూ మరి? క్లాసులో సారు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతే, ఈ పిల్ల సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో, సగం బొమ్మల్లో రాసుకునేది. మూడు సగాలేమిటి అనకండి, ఆ నోట్సు చూసినవాళ్లు నమ్ముతారు.

ఎనభై ఆరు వానాకాలంలో, మళ్లీ రాయాల్సిన పరీక్షకు ముందు ఇంటికి వచ్చింది. ఒక పెద్ద డ్రాయింగు షీటు కొని, పంచలో మంచం మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. నోట్సులో చెల్లాచెదురుగా ఉన్నదంతా ఒక్క షీటు మీదికి తేవాలని పట్టుదల. లోపలికి వచ్చేవి ఆకుపచ్చ, బయటికి పోయేవి నీలం, ఎంజైములు నలుపు, దారిని ఆపే చోటూ వదిలే చోటూ ఎరుపు.

ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీయే. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది, అమ్మను పిలిచే 'యాడీ' మాత్రం అలాగే ఉంచాను.

"ఏంది బిడ్డా గిది, పెండ్లి ముగ్గా?" అంది సక్రి చేటతో వచ్చి. "నడుమల కోడి నడిచినట్టుంది చూడు."

"కోడి కాదు యాడీ, అది ఫాస్ఫేటు. మనం తిన్న బువ్వల చక్కెర లోపలికొచ్చినంక ఎటు పోతదో రాసుకుంటున్న."

"ఎటు పోతది? అందరిది పొయ్యేకాడికే పోతది" అని సక్రి నవ్వి, చేట చెరుగుకుంటూ పోయింది.

ఆ దారి అంత తేలిక కాదు. షీటు నడుమ పైనుంచి కిందికి పెద్ద బాట గీసింది చాంది. గ్లూకోజు కణంలోకి రాగానే హెక్సోకైనేజు అనే ఎంజైము దానికి ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. కాస్త కిందికి పోతే ఫాస్ఫోఫ్రక్టోకైనేజు దగ్గర పెద్ద ఎర్ర గేటు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ నిండుగా ఉంటే ఆ గేటు దిగుతుంది, అది ఖర్చయి ఏఎంపీ పెరిగితే లేస్తుంది. చివరికి రెండు పైరువేట్లు, మిగులుగా రెండు ఏటీపీలు, రెండు ఎన్ఏడీహెచ్‌లు బయటికొస్తాయి.

ఫాస్ఫేటు తగిలించుకున్న గ్లూకోజు దగ్గరే కుడివైపుకు ఒక చిన్న బాట చీలుతుంది. దాని మొదటి గేటు పేరు గ్లూకోజ్ సిక్స్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజు. నోరు తిరగక చాంది దాన్ని "జీసిక్స్" అని పిలుచుకునేది. ఆ గేటులోకి ఎన్ఏడీపీ వెళ్తుంది, ఎన్ఏడీపీహెచ్ అయి వస్తుంది. అది ఎక్కువగా పోగుపడితే గేటు దానంతటదే నెమ్మదిస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే మరో ఎన్ఏడీపీహెచ్, కొంత బొగ్గుపులుసు వాయువు, చివర రైబోజు చక్కెర. ఎర్ర రక్తకణానికి ఎన్ఏడీపీహెచ్ దొరికేది ఈ చిన్న బాట మీదే, వేరే దిక్కు లేదు. అదుంటేనే గ్లుటాథయోను పనిచేస్తుంది. గ్లుటాథయోను ఉంటేనే కొన్ని మందులు రక్తంలో పుట్టించే విషాల నుంచి కణం కాచుకుంటుంది.

గంట కొట్టే ముందు సారు గబగబా చెప్పిన ముక్క కూడా గేటు పక్కన చిన్న గడిలో రాసింది: జీసిక్స్ తక్కువగా ఉన్నవాళ్లు ప్రైమాక్విన్ మింగితే కణాలు పగిలిపోతాయి.

గడి చుట్టూ గీత గీసి, సిరా ఆరడానికి నోటితో ఊదింది.

ఆ వారంలోనే రెడ్యాకు చలిజ్వరం పట్టింది. మలేరియా వర్కరు ఎల్లస్వామి వేలు పొడిచి రక్తం తీసుకెళ్లి, వైవాక్స్ రకం మలేరియా అని తేలాక మాత్రలు తెచ్చాడు. ముందు పెద్ద మాత్రలు. అవి వేయగానే జ్వరం దిగింది. తర్వాత రోజుకొకటి మింగమని పాత పేపరులో పొట్లం కట్టిన చిన్న మాత్రలు. రెడ్యా ఆ పొట్లాన్ని చూరులో దోపేశాడు.

"జరం పోయింది. ఇంకేం మందు? బర్రెకు పెట్టు" అన్నాడు.

"బాపూ, గట్లనొద్దు. ఆ రోగం కార్జంల దాక్కుంటది. గిది మింగకుంటే మల్లొస్తది."

"నువ్వింక డాక్టర్‌వి కాలే."

"సగమైన."

"ఏ సగం? మందిచ్చే సగమా, తిట్టే సగమా?"

తిట్టే సగమే అనుకోండి. చాంది పొట్లం విప్పి, చెంబుతో నీళ్లు పట్టుకుని, ఎదురుగా నిలబడి మింగించింది. మర్నాడూ మింగించింది. పొట్లం మీద మందు పేరు లేదు, పాత సినిమా బొమ్మ సగం ఉంది. షీటు మీద పేరుంది గాని మాత్ర లేదు. రెండూ ఒకటేనని ఆ పిల్లకు తట్టలేదు.

తట్టేసరికి రెడ్యా కళ్లు పచ్చబడ్డాయి. నడుము పట్టేసింది. మూత్రం పాలు కలపని చాయ్ డికాషన్‌లా వచ్చింది. చాంది షీటు దగ్గరికి ఒక్క పరుగు తీసింది. కుడివైపు బాట, మొదటి గేటు, పక్కన గడి. తన చేతిరాతే. అక్కడి నుంచి ఎల్లస్వామి కోసం వాగు దాకా పరుగెత్తింది.

"ఎల్లస్వామన్నా, పొట్లంల మాత్ర పేరేంది?"

"ప్రైమాక్విన్ చెల్లె. ఏమైంది?"

భద్రాచలం దవాఖానాలో డాక్టరు మాత్ర ఆపమన్నాడు, నీళ్లు బాగా తాగించమన్నాడు, రక్తం ఎక్కించాడు. "ఇంతకు మించి మన చేతుల్లేదమ్మా, చూద్దాం" అన్నాడు. చూశారు. మేనమామ బిచ్యా రక్తం కలిసింది. రెడ్యా బతికి, కర్ర పట్టుకుని ఇల్లు చేరాడు.

పక్కింటి బాలి దీన్ని తనకు తోచినట్టు చుట్టుపక్కలంతా చాటింది. చాంది కాగితం చూసింది, అరిచింది, మాత్ర ఆపింది, తండ్రి బతికాడు. మాత్ర మింగించింది కూడా చాందియే అన్న ముక్క బాలి నోట ఎందుకో రాలేదు. చాంది తానే చెప్పబోతే, "ఊకో పిల్లా, దిష్టి తగుల్తది" అని నోరు మూసేసింది.

మళ్లీ రాసిన బయోకెమిస్ట్రీ పరీక్షలో చాంది నెగ్గింది. మరుసటి ఏడు వానాకాలం సెలవులకు ఇంటికొచ్చిందో లేదో, కల్లూరు వైపు ఇచ్చిన అక్క ద్వాలి కొడుకును చంకనేసుకుని దిగింది. వాడు కిషన్‌లాల్, ఆరేళ్ల వాడు. ఒళ్లు కాలిపోతోంది. ఎల్లస్వామి వచ్చి చూశాడు. మళ్లీ వైవాక్సే. పెద్ద మాత్రలకు జ్వరం దిగింది. ఇక చిన్న మాత్రల పొట్లం మిగిలింది.

"కాయితం తియ్యి చాందీ" అంది ద్వాలి. "మింగియ్యాల్నా, వద్దా? చూసి చెప్పు."

చాంది షీటు తీసి పరిచింది. ఎందుకు పరిచిందో తనకే తెలియదు.

"అక్కా, గీ కాయితంల ఏ గేటు పాడైతే ఏమైతదో ఉన్నది. ఎవని గేటు పాడైందో లేదు."

"బాపుకు పాడైందంటివి గద?"

"అనుమానం. బాపుకుంటే ఆడబిడ్డలకు వస్తది, నీకు, నాకు. ఆడోళ్లకు ఆ గేటును చేసే పోగులు రెండుంటయి, బాపు ఇచ్చింది చెడ్డది, యాడీ ఇచ్చింది మంచిది. నీ కొడుక్కు నువ్వు ఏదిచ్చినవో నాకెట్ల తెలుస్తది? సగం సగం."

"నీకు అన్నీ సగమే" అంది ద్వాలి.

"మింగియ్యకుంటే?"

"మల్లమల్ల జరమొస్తది."

"మింగిస్తే?"

చాంది తండ్రి వైపు చూసింది. రెడ్యా ముఖం తిప్పుకున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ ఎల్లస్వామికి ఇటూ తోచలేదు, అటూ తోచలేదు. "నేనేం జేయాలె చెల్లె? పొట్లం ఇచ్చుడు నా డ్యూటీ. పరీక్షలు గిట్ల మా దగ్గర లేవు" అని పొట్లం గూట్లో పెట్టి వెళ్లాడు. అతన్ని తప్పు పట్టడానికేం లేదు.

పరీక్ష ఉన్న చోటు చాందికి తెలుసు. కాలేజీలోనే చూసింది. రక్తంలో ఒక రంగు కలుపుతారు. జీసిక్స్ సరిగ్గా ఉంటే రంగు కాసేపటికి పోతుంది, లేకుంటే అలాగే నిలుస్తుంది. పిల్లవాడి రక్తం గడ్డకట్టనివ్వని మందున్న సీసాలో తీయించి, ఫ్లాస్కులో ఐసు వేసి, చీరతో చుట్టి, బస్సులు మారి వరంగల్ చేరింది. ఖమ్మంలో ఐసు కరిగితే కూల్‌డ్రింకు బండివాడిని బతిమాలి మళ్లీ పోయించుకుంది.

లాబులో మేడం మంచిదే. సీసా అందుకుని బీరువా తీసింది, ఫ్రిజ్ తీసింది, మళ్లీ బీరువా తీసింది.

"రంగు ఉందమ్మా. ఎన్ఏడీపీ అయిపోయింది. ఇండెంటు పెట్టాం. బయటి దేశం నుంచి రావాలి."

షీటు మీద ఆకుపచ్చ సిరాతో, గేటులోకి పోయే బాణం కింద తానే రాసుకున్న పేరది. అది లేనిదే గేటు పనిచేస్తోందో లేదో తెలియదు. చాంది నవ్విందట. మేడం భయపడి కుర్చీ చూపించింది.

"ఎప్పుడొస్తది మేడం?"

"నాకు తెలిస్తే చెప్పనా?" అని మేడం సీసాను ఫ్రిజ్‌లో పెట్టింది. కొన్నాళ్లకు అది పనికిరాకుండా పోయింది.

భద్రాచలం దవాఖానా డాక్టరునూ అడిగింది. "తాత కథ విన్నాక పరీక్ష లేకుండా మింగించమని నేననలేను. వద్దని చెప్పి, ఇంకోసారి జ్వరం ముదిరితే అదీ నా మీదే" అన్నాడు. ఎంతో మర్యాదగానే అన్నాడు.

ఇక ద్వాలి పొట్లాన్ని కొంగున ముడేసుకుని కల్లూరు వెళ్లింది. కిషన్‌లాల్‌కు జ్వరం తిరగబెట్టింది. పెద్ద మాత్రలకు తగ్గింది, మళ్లీ వచ్చింది. ఎడమ డొక్క కింద ఉబ్బిన ప్లీహం చేతికి తగులుతోంది. ముఖం పాలిపోయింది. బడికి పోతే బెంచీ మీదే పడుకుంటున్నాడు. చాంది సెలవొచ్చినప్పుడల్లా వెళ్లి వాడి కనురెప్పలు విప్పి చూస్తుంది, పొట్ట నొక్కి చూస్తుంది. ద్వాలి కొంగు ముడి వైపు చూస్తుంది. విప్పమనీ అనదు, పారెయ్యమనీ అనదు. అక్కాచెల్లెళ్ల మధ్య మునుపటి పరాచికాలు లేవు. ఇండెంటు సంగతి అడిగితే లాబులో అదే జవాబు.

తండాలో మాత్రం జ్వరమొచ్చిన ప్రతివాళ్లూ పొట్లం పట్టుకుని ఆ పిల్ల ముందు కూర్చుంటున్నారు. "కాయితం చూడు బిడ్డా" అంటున్నారు. చూడనంటే గర్వం వచ్చిందంటున్నారు.

కాబట్టి మీరు కల్లూరు వైపు వెళ్తే ద్వాలి ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగి, కిషన్‌లాల్ బడికి పోయాడా, పడుకున్నాడా అడిగి రండి. అటునుంచి చాందిని కూడా పలకరించండి. పొట్లం మాత్రం తీసుకెళ్లకండి. ఆ రంగు పరీక్ష ఫలానా చోట చేస్తున్నారని మీకెవరికైనా తెలిస్తే, ఆ ఒక్క మాట ఆమె చెవిన వేయండి.