ఊరిగాంలో ఖాళీ పాడె

నేత్రావతి బంగారు గనుల ఊరైన ఊరిగాం దగ్గరి ఒక డిగ్రీ కాలేజీలో మతాల చరిత్ర చెబుతుంది. వేరే పేపర్లలో చోటు దొరకని పిల్లలే ఎక్కువగా ఆ పేపరుకు వస్తారు. మొదటి క్లాసులోనే ఆమె వాళ్లకు ఒక మాట చెప్పేస్తుంది: "గ్రీకులు, రోమన్లు ఏం నమ్మేవాళ్లని అడక్కండి. ఏం చేసేవాళ్లని అడగండి."

ఇది సరైన మాటే. వాళ్లకు మతగ్రంథం లేదు, విశ్వాస ప్రమాణం లేదు. దేవుళ్లు కూడా ఊళ్లో నివాసుల్లాంటివాళ్లే, వాళ్ల వాటా వాళ్లకు అందాలి. ఎథెన్సులో అథీనా దేవతకు ఆడవాళ్లు కొత్త బట్ట నేస్తే, ఊరంతా ఊరేగింపుగా తీసుకుపోయి ఇచ్చేది. బలి ఇస్తే ఎముకలూ కొవ్వూ పొగై దేవుడికి పోతాయి, మాంసం జనం పంచుకుని తింటారు. రోములో పూజారులు చాలామంది రాజకీయ నాయకులే. మనసులో ఏముందని ఎవరూ అడగరు. చేయి సరిగా ఆడిందా, మాట సరిగా పడిందా అన్నదే చూస్తారు. భక్తి పారవశ్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లకు ఇది చప్పగా ఉంటుంది. ఉండనీ.

ఇంట్లో మాత్రం ఆమె పాఠం చెల్లదు. తండ్రి చౌడప్ప గని మూతపడక ముందు పాతాళంలో, ఒత్తిడికి బండలు పేలే రాక్ బర్స్టులో చిక్కుకున్నాడు. బండలు కూలిన ఆ సొరంగంలోంచి ఆయన్ను పైకి తేలేకపోయారు. కిందికి దిగేటప్పుడు తీసుకునే ఇత్తడి బిల్ల పైకి వచ్చాక అప్పజెప్పాలి. ఆయన బిల్ల తిరిగి రాలేదు. కాబట్టి మనిషి ఇంకా డ్యూటీలో ఉన్నట్టే అని తల్లి అక్కయమ్మ తీర్మానించుకుంది. కర్మ చేయనివ్వలేదు, దర్భబొమ్మతో చేద్దామన్నా ఒప్పుకోలేదు. గాజులు తీయలేదు. ఓటర్ల జాబితావాళ్లు వచ్చి చౌడప్ప ఎవరని అడిగితే "ఉండాడు" అంటుంది. సాయంత్రం షిఫ్టు దిగే వేళకు, గనిలోకి దిగే షాఫ్టు కంచె దగ్గరికి పోయి నిలబడుతుంది. ఇంటి తలుపుకు గడియ పెట్టనివ్వదు.

ఈ మధ్య కంచె దగ్గరే రెండుసార్లు పడిపోయింది. బంగారం తీశాక మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బల మీంచి దుమ్ము లేచే కాలంలో ఆమె దగ్గు ఇల్లంతా వినిపిస్తుంది. మళ్లీ పడితే లేవదని డాక్టరు చెప్పాడు. తల్లిని కంచె దగ్గరికి పోకుండా ఆపడమొక్కటే నేత్రావతికి పని అయింది. బతిమాలింది, తిట్టింది. ఏదీ పనిచేయలేదు. అప్పుడు ఎథెన్సు గుర్తొచ్చింది.

యుద్ధంలో చచ్చినవాళ్లకు ఎథెన్సు ఊరే అంత్యక్రియ చేసేది. ఎముకల్ని గుడారంలో ఉంచి, తెగకొకటి చొప్పున దేవదారు లాంటి చెట్టు చెక్కతో చేసిన పెట్టెల్లో బళ్ల మీద తీసుకుపోయేవారు. వాటితోపాటు ఒక పాడె ఖాళీగా, దుప్పటి పరిచి, సాగేది. అది శవం దొరకని వాళ్లందరిదీ. పౌరుడైనా పరాయివాడైనా వెంట నడవొచ్చు. ఇంటి ఆడవాళ్లు వచ్చి ఏడవొచ్చు. ఊరు ఎంచుకున్న మనిషి మాట్లాడాక, ఇంక ఇళ్లకు పొండి అంటారు. దేహం లేకపోయినా ఊరు మోస్తే చావు చావే. తండ్రికీ అట్లాంటి పాడె ఒకటి మోద్దామని నేత్రావతి క్లాసులో పిల్లలకు చెప్పింది.

"ప్రాక్టికల్ క్లాసా మేడమ్?" అన్నాడు ధ్రువ. వాడి తాత కూడా గనిలో చేసినవాడే.

"అనుకో. చివర్లో రోమన్ల పని ఒకటి కలుపుతాం. చనిపోయినవాణ్ని ఇంటివాళ్లు పేరు పెట్టి పిలిచేవాళ్లు. బదులు రాకపోతేనే చచ్చినట్టు. పరీక్షలో రెండూ కలిపి రాస్తే మార్కులు పోతాయి, గుర్తుంచుకో."

"బదులొస్తే?"

"చచ్చిపోయిన రోమన్లెవరూ ఇవ్వలేదులే."

తప్పు జరిగితే ఏమిటో కూడా ఆమె క్లాసులో చెప్పింది. ఒక ఉత్సవంలో ప్రార్థన చదివినవాడు రోమన్ ప్రజల పేరు మరిచిపోతే ఉత్సవం మొత్తం మళ్లీ చేశారు. అందుకే ఒకడు పుస్తకం చూసి మాట అందిస్తాడు, ఒకడు అందరినీ నోరు కట్టుకోమంటాడు, చెడుశబ్దం చెవిన పడకుండా ఒకడు జంట గొట్టాల వాద్యం ఊదుతూ ఉంటాడు. అయినా అపశకునం వస్తే, అది చూడలేదని, వినలేదని అధికారి అనొచ్చు. ఒక సేనాపతి శకునాలు కంటబడకుండా మూసిన పల్లకీలోనే ప్రయాణం చేసేవాడట.

ఒకరోజు సాయంత్రం కాలేజీ గేటు దగ్గర నులకమంచం మీద తెల్ల దుప్పటి పరిచారు. నలుగురు పిల్లలు ఎత్తుకున్నారు. కొద్దిమంది వీధివాళ్లు కూడా వెంట నడిచారు. అక్కయమ్మ అందరికంటే ముందే తయారైంది.

"ఎట్లాగూ ఆ పక్కకే పోవాల కదా, పాండి," అంది.

సిమెంటు పలకతో మూసిన షాఫ్టు బయట, కంచె పక్కన మంచం దించారు. నేత్రావతి రోమన్ పద్ధతిలో కొంగు తలమీద కప్పుకుంది. నోరు కట్టుకోండని ధ్రువ అందరికీ చెప్పాడు. జంట గొట్టాలు దొరక్క నమ్రత పిల్లనగోవి ఊదింది, తరువాత ఆపేసింది. బదులు వినడానికి నిశ్శబ్దం కావాలి కదా. ధ్రువ అందించిన మాటే నేత్రావతి అంది:

"చౌడప్పా."

"ఉండాడు," అంది అక్కయమ్మ. అలవాటు అట్లాంటిది.

ఎవరో నవ్వారు. నేత్రావతి నవ్వలేదు. "తప్పు పడింది. మొదటినుంచీ."

"మళ్లీ గేటు కాడికా మేడమ్?"

"గేటు కాడికే."

మంచాన్ని వెనక్కి మోసుకుపోయారు, మళ్లీ బయల్దేరారు. ఈసారి సగం దారిలో ధ్రువ భుజం మార్చుకున్నాడు. కాస్త దూరం పోయాక మళ్లీ మార్చుకున్నాడు.

"ఎవరప్పా దీనిమింద కూర్చునింది?" అన్నాడు మెల్లగా.

మిగతా ముగ్గురూ పళ్లు బిగించి నడుస్తున్నారు. వాళ్ల మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. దుప్పటి మీద ముడత కూడా లేదు. అలసిపోయిన కుర్రాళ్లకు బరువు పెరగడం వింతేమీ కాదు. నేత్రావతి తనకు తాను చెప్పుకున్నదీ అదే.

మంచం దించారు. పిల్లనగోవి ఆగింది. గాలి కూడా ఆగింది, దిబ్బల మీద దుమ్ము అక్కడికక్కడే నిలబడినట్టుంది. అక్కయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

"చౌడప్పా."

"ఉండా."

బొంగురు గొంతు. పలక వైపునుంచి వచ్చిందని కొందరు, మంచం వైపునుంచని కొందరు తరువాత అన్నారు. అప్పుడు మాత్రం ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అక్కయమ్మ నోట్లో కొంగు అట్లాగే ఉంది.

నేత్రావతి చేయెత్తి నమ్రతకు సైగ చేసింది. పిల్లనగోవి మళ్లీ మొదలైంది.

"నేనేమీ వినలేదు," అంది నేత్రావతి గట్టిగా. రోమన్ చట్టప్రకారం అది చాలు.

అక్కయమ్మ కొంగు తీసింది. "నువ్వు వినకుంటే ఏమి, నేను విన్యా."

"అమ్మా, లే. పోదాం."

"రొంత ఉండు. ఆయప్ప గొంతే అది. ఉండా అన్న్యాడు, వస్తా అనలేదు. కిందనే ఉండాడు, పైకి రాడు. ఇన్నేండ్లు డ్యూటీ దిగుతాడని చూసినా." ఆమె కంచెకు చేయి ఆనించి తనే పిలిచింది, వాకిట్లోంచి మొగుణ్ని అన్నానికి పిలిచినట్టు. "చౌడప్పా. మేం పోతా ఉండాం."

బదులు రాలేదు. చాలాసేపు ఆగారు. రాలేదు.

"సరే. అయిపాయె," అంది అక్కయమ్మ. గాజులు తీసి తెల్ల దుప్పటి మీద పెట్టింది. పిల్లలు మంచమెత్తారు. ధ్రువ ఒంటి చేత్తో ఎత్తాడు.

ఆ రాత్రి అక్కయమ్మ తలుపుకు గడియ పెట్టి నిద్రపోయింది. అప్పటినుంచీ షిఫ్టు వేళకు కంచె దగ్గరికి పోలేదు. టీవీ చూస్తుంది, దగ్గుకు మందు తాగుతుంది, ఎవరైనా చౌడప్ప గురించి అడిగితే "లేడప్పా" అంటుంది. అంటే ఎథెన్సు పని ఎథెన్సు చేసింది.

రోము సంగతి వేరు. ఒప్పుకోని శకునం లెక్కకు రాదని రోమన్లు అన్నారు. మరి అది ఎక్కడికి పోతుందో చెప్పలేదు.

ఇప్పుడు కాలేజీ అయిపోయాక నేత్రావతి ఇంటికి ఆలస్యంగా వస్తోంది. పాఠానికి నోట్సు రాసుకున్నానంటుంది. ఆమె చెప్పుల నిండా తెల్లటి దిబ్బల దుమ్ము. అక్కయమ్మ అన్నం పెడుతూ ఆ చెప్పుల వైపు చూస్తుంది.

"ఏమే, పిలిచినావా?"

"లేదమ్మా. వింటున్నా, అంతే."

"వినలేదని నువ్వే కదా చెప్పింది," అంటుంది అక్కయమ్మ, లేచి గడియ పెడుతూ.