మధ్యలో పడ్డ ఆదివారం

ఆసుపత్రిలో అందరూ ఆవిడను దుప్పట్ల పిన్ని అంటారు. పెద్ద డాక్టరు మొదలుకొని నేల తుడిచే మనిషి దాకా అదే పిలుపు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది గానీ, అక్కడ తప్ప ఇంకెక్కడా దానికి పని పడలేదు. వార్డుల నుంచి వచ్చిన మాసిన దుప్పట్లు లెక్కపెట్టి ఉతుకుడుకు పంపడం, ఉతికి వచ్చినవి లెక్కపెట్టి వార్డులకివ్వడం ఆవిడ పని. దుప్పటి చిరిగిందని పారేస్తే ఊరుకోదు. బాగున్న మేరకు కత్తిరించి దిండు గలీబు కుట్టేస్తుంది. ఆ కుట్టు అక్క నేర్పింది.

అక్క అంటే పిన్నికి తల్లి కిందే లెక్క. తల్లి పోయేనాటికి అక్కకు పదహారేళ్ళు, ఈవిడకు ఏడు. అక్క చదువు చాలించి, రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డులో మిషను ముందు కూర్చుంది. సాయంత్రం ఇంటికొచ్చాక, ఒంటి మీది దారప్పోగులైనా దులుపుకోకుండా చెల్లెల్ని ముందు కూర్చోబెట్టుకుని జడ అల్లేది. కళ్ళు నెత్తికెక్కేంత బిగుతుగా లాగి అల్లేది. అల్లుతూనే ఎక్కాలు అప్పజెప్పించుకునేది. పదమూడో ఎక్కం తప్పితే జడ ఇంకాస్త బిగిసేది. ఇప్పుడు తల నెరిసిపోయిన పిన్నికి, అద్దం ముందు నిలబడినప్పుడల్లా ఆ చేతులు గుర్తొస్తాయి. తన అల్లిక తనకే నచ్చదు.

ఆ అక్కకు తుంటి కీలు అరిగిపోయింది. రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేని ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. ఏడాదిగా ఎదురుచూస్తున్న ఆపరేషనుకు తేదీ దొరికింది. కానీ ఆరు వారాలు పక్కన మనిషి ఉంటేనే చేస్తామని, లేకపోతే ఆ తేదీ ఇంకొకరికి వెళ్ళిపోతుందని అక్కడి డాక్టర్లు చెప్పేశారు. అక్క ఫోనులో చెల్లెల్ని రమ్మనలేదు. "ఎవరో ఒకర్ని చూసుకుంటాలే" అంది. అబద్ధం చెప్పేటప్పుడు అక్క నోట ఆ 'లే' తప్పకుండా వస్తుంది. నలభై ఏళ్ళుగా వింటున్న పిన్నికి ఆ సంగతి తెలియదా!

సోమవారం నుంచి మొదలుపెట్టి ఆరు వారాలు. ఆదివారాలు ఎలాగూ సెలవే కాబట్టి పనిదినాలు ముప్పై ఆరు. పిన్ని ఖాతాలో జీతంతో తీసుకోగల సెలవులు పంతొమ్మిది ఉన్నాయి. జ్వరాల సీజనులో ఆసుపత్రి కిటకిటలాడినప్పుడు ఎనిమిది ఆదివారాలు పనిచేసింది, వాటికి బదులు సెలవులు ఎనిమిది. మిగతావి జీతం లేకుండా తీసుకోవాలి. అయితే ఆ ఆసుపత్రిలో ఒక మెలిక ఉంది. జీతం లేని సెలవు తొమ్మిది రోజుల దాకా సూపరింటెండెంటు గారే ఇవ్వొచ్చు. పదో రోజు వచ్చిందా, కాగితం పై ఆఫీసుకు పోవాలి. పై ఆఫీసుకు పోయిన కాగితం నెలకు తక్కువ కాకుండా అక్కడ నిద్రపోతుంది. ఈలోగా అక్క తేదీ దాటిపోతుంది.

పిన్ని తెల్లకాగితం తీసుకుని, సంజాయిషీలూ ప్రాధేయపడటాలూ లేకుండా లెక్క రాసింది. బదులు సెలవులు మూడు నెలల్లో వాడుకోకపోతే మురిగిపోతాయి కనుక ముందు అవి ఎనిమిది. తర్వాత జీతంతో పంతొమ్మిది. చివర జీతం లేనివి తొమ్మిది. ఎనిమిదీ పంతొమ్మిదీ ఇరవై ఏడు, తొమ్మిది కలిపితే ముప్పై ఆరు. సరిగ్గా తొమ్మిదే తేలినందుకు ఆ కాగితాన్ని తనే రెండుసార్లు మురిపెంగా చదువుకుంది.

సెలవుల గుమాస్తా మురిసిపోయే రకం కాదు. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా ముందు తేదీ సరిచూసే మనిషి. కాగితం చదివి, గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి, ఐదో వారం చివర వేలు పెట్టాడు.

"ఇది తొమ్మిది కాదమ్మా, పది. గురువారం నుంచి శనివారం దాకా జీతం లేదు. సోమవారం నుంచి మళ్ళీ జీతం లేదు. అటూ ఇటూ జీతం లేని రోజులుంటే మధ్యలో పడ్డ ఆదివారం కూడా వాటి కిందికే వస్తుంది."

పిన్ని రాసే దుప్పట్ల రిజిస్టరులో ఆదివారానికి గడే ఉండదు. ఆ రోజు ఉతుకుడు బండి రాదు, శనివారం కింద సోమవారమే రాస్తారు. తను పనిచేసిన ఆ ఎనిమిది ఆదివారాల లెక్కా సోమవారం గడిలోనే పడింది. ఏళ్ళ తరబడి అలా రాసీ రాసీ, ఆదివారం అనేదొకటుందని ఆవిడ చెయ్యి మర్చిపోయింది. ఒక్క రోజు ముందే వచ్చి పనిలో చేరతానంటే కుదురుతుంది గానీ, అక్కడ ఆరు వారాలకు ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోరు.

కాగితం పట్టుకుని తన గదికి వచ్చి కుట్టాల్సిన గలీబు ముందు కూర్చుంది. గుడ్డ చాలలేదు, అతుకు వేయాలి. అతుకు అంచున వేయబోయి ఆగింది. చిన్నప్పుడు బడి గౌనుకు గుడ్డ చాలనప్పుడు అక్క అతుకును తెచ్చి కుచ్చిళ్ళ మడతలో పెట్టేది. ముక్క పెరగలేదు, తరగలేదు, చోటు మారిందంతే. ఎవరి కంటా పడేది కాదు. ఆ గౌను వేసుకుని పిన్ని బడిలో ఎంత మిడిసిపడేదో!

గలీబు అక్కడే వదిలేసి మళ్ళీ గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. ఐదో వారం బుధవారం పెట్టుకున్న జీతం సెలవును శనివారానికి జరిపితే ఏమవుతుందని అడిగింది. గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. బుధ, గురు, శుక్రవారాలు జీతం లేనివి మూడు. శనివారం జీతంతో. ఆదివారానికి ఒక పక్క జీతం ఉంది కాబట్టి అది మామూలు సెలవే. ఆరో వారం జీతం లేనివి ఆరు. మూడూ ఆరూ తొమ్మిది. మొత్తం ముప్పై ఆరు ముప్పై ఆరుగానే ఉంది.

"అలా రాయకూడదని రూల్సులో ఎక్కడా లేదు" అన్నాడు. ఆయన నోట అంతకంటే తియ్యని మాట ఎవరూ విని ఉండరు. పైగా ప్రతి వరుస పక్కనా తేదీలు కూడా వేయమని, అప్పుడే పై వాళ్ళు వేలు పెట్టరని చెప్పి తన మంచి పెన్ను ఇచ్చాడు. మర్నాడు సంతకం పడింది.

ఆపరేషను బాగా జరిగింది. రెండో వారానికి అక్క దిండ్లకు ఆనుకుని కూర్చుని, చెల్లెలి వంటకు వంకలు పెట్టేంత కోలుకుంది. ఒక మధ్యాహ్నం పిన్ని పడక సర్దుతుంటే, ఇన్ని రోజులు ఊరికే ఇచ్చారా, లెక్క చెప్పమంది. అన్నీ జీతంతోనే అని బొంకబోయి, ఆ చూపు ముందు నిలవలేక పిన్ని మొత్తం చెప్పేసింది.

"జీతం లేనివి తొమ్మిదా" అంది అక్క. "నీకు ఎనిమిదో ఏట జ్వరమొచ్చినప్పుడు నాకు పోయినవి పదకొండు."

పిన్ని దుప్పటి వదిలేసి మంచం అంచున కూర్చుంది. ఆ రోజులు ఆవిడకు బాగా గుర్తు. పగలంతా అక్క ఇంట్లోనే ఉన్న రోజులు అవే. కిటికీలోంచి మంచం మీద ఎండ పడుతుంటే, అక్క పక్కన కూర్చుని గుడ్డపేలికలతో బొమ్మలు చేసిచ్చేది. బాల్యమంతటిలో అంత సంతోషం మళ్ళీ లేదు. షెడ్డువాళ్ళు సెలవిచ్చారనే ఇన్నేళ్ళూ అనుకున్నానంది.

"సెలవెవరిచ్చారే? పనికి పోకుండా మానేశాను" అంది అక్క. "తొమ్మిది రోజులు నీ జ్వరానివి. మిగతా రెండూ నీ దొంగతనానివి. నేను వంటింట్లోకి వెళ్ళగానే థర్మామీటరును వేడినీళ్ళలో ముంచేదానివి."

పిన్నికి సిగ్గుతో మొహం ఎర్రబడింది. "తెలిసి కూడా ఎందుకు ఉండిపోయావక్కా?"

"నాకు మాత్రం షెడ్డుకు పోవాలనిపించిందా?" అంది అక్క.