అవ్వ ఉతికిన ఉచ్చగుడ్డలు

నన్ను కన్న మా అవ్వ కొండవ్వది బీడీలు జేసే చెయ్యి. తునికాకు కత్తిరిచ్చి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం గట్టి పక్కకేసుడు కండ్లు మూసుకొని జేస్తది. మా బాపు పోయినంక నన్నూ తమ్మునీ సాకింది ఆ చెయ్యే. కార్ఖానల ఆమె పేరు మీద కార్డు ఉండె. ఇంకో రెండేండ్లు ఆ కార్డు మీద పని జేస్తే ముసలితనంల పింఛను ఖాయం. ఎవ్వలి ముంగట చెయ్యి సాపద్దు అన్నదొక్కటే ఆమె ఆశ. అసుంటి ఆశను మా ఇంట్ల ఉచ్చగుడ్డలు మింగినయి. నా కడుపుమంట ఇంక సల్లారలే, అందుకే చెప్తున్న.

తొంభై ఏడుల నా తమ్ముడు యాదగిరికి బిడ్డ పుట్టింది. వాడు సిద్దిపేటల బట్టల దుకాణంల గుమస్తా. మరదలు ప్రమీల ప్రైవేటు బడిల టీచరు. మూడు నెలలు నిండంగనే బడికి రాకుంటే కొలువు ఇంకొకళ్ళకు ఇస్తమన్నరు. మరి పిల్లనెవలు సూడాలె? ఇంట్లనే కూసుండి బీడీలు జేస్తది గద, అవ్వే సూస్తది అనుకున్నరు. అడిగిన్రా? అడగలే. అవ్వ కూడ అడగాలె అనుకోలే.

కూసున్న జాగల పిల్లను సూసుడు అంటే మాటలా? పసిపిల్ల గంటకొకసారి తడుపుతది. తడిసిన గుడ్డ తియ్యాలె, తుడవాలె, పొడి గుడ్డ కట్టాలె. తంబాకు చేతులతోని పిల్లను ముట్టరాదు, మల్ల మల్ల చేతులు కడగాలె. పొద్దుమూకేటాలకు బకెటు నిండ గుడ్డలు. మా పాత చీరలు, బాపు ధోతులు చింపి చేసినయి. దొడ్డికి పోయిన గుడ్డలు ముందుగాల జాడిచ్చి, సోడాల నానబెట్టి, సబ్బు రుద్ది, బండకేసి బాది, మల్ల జాడియ్యాలె. నల్లా వారానికి రెండుసార్లు వచ్చుడే గగనం. మిగిలిన దినాలు బోరింగు కాడ వరుస. రెండు మూడు బకెట్లు మోసేసరికి ఆమె నడుములు ఇరిగేటియి. అందుకే ఒక్కసారి జాడిచ్చి తీగ మీదేస్తుండె. సోడా అందులనే ఉండిపోయి గుడ్డలు అట్టలోలె బిర్రుగ అయినయి. ఆనకాలంలనైతే అవి ఎండకపోయేటియి, పొయ్యి కాడ ఆరబెట్టి కట్టేది. పిల్ల తొడలు ఎర్రగయినయి.

ప్రమీలతోని పనిజేసే టీచరమ్మ హైదరాబాదు నుంచి డైపర్ల పాకిటు తెచ్చిచ్చింది. అదేస్తే పిల్ల మూడు గంటలు ఏడ్వకుంట పండుకున్నది. ప్రమీల మొకం ఇంత వెలిగింది. నేను అప్పుడు మా అత్తగారూరు చింతమడక నుంచి అవ్వను సూడవోయిన, నేనూ సంబురపడ్డ. ఇగ అవ్వ చేతులకు పని తప్పుతదిరా, ఇవే కొనుండ్రి అన్న. తమ్ముడు గప్పుడే లెక్క తీసిండు. ఒక్కటి పది రూపాయలు. దినానికి ఆరేస్తే నెలకు పద్దెనిమిది వందలు. వాని జీతమే పదిహేను వందలు. రెండేండ్లకు నలబై వేల పైన. గుడ్డలకైతే సబ్బు, సోడా కలిపి రెండేండ్లకు రెండు వేలు దాటదన్నడు. లెక్క తప్పని నేనంటలే. లెక్కల అవ్వ లేదు, గంతే.

నేను కొట్లాడితే కొట్లాడితే దినానికి ఒక్కటి కొంటనన్నడు. ప్రమీల బడికి పోయేటప్పుడు ఏస్తే, వచ్చినంక తీయాలె. ఒక్కటి పొద్దంత ఎట్ల ఆగుతదిరా అంటే, ఉబ్బినాక సూద్దాం తియ్ అక్కా అన్నడు. మా అవ్వ ఇంకో మెట్టు పైకెక్కింది.

పది దినాలైనంక పోయి సూస్తే, వాకిట్ల తీగ మీద గుడ్డల నడుమ డైపర్లు ఆరుతున్నయి. నేను నోరు తెరిచిన. గిదేందే అవ్వా అంటే ఆమె మెల్లగ చెప్పింది.

"ఒక్కటి మూడు వందల బీడీల కూలి బిడ్డా. ఉత్త ఉచ్చకే పారేస్తరా ఎవలన్న? ఎండకు ఎండితే మల్ల పనికొస్తది."

ఒకటి సబ్బుపెట్టి ఉతికి సూసిందంట. అది పలిగి లోపటి నుంచి నానిన సగ్గుబియ్యమోలె జిగటజిగట బయటపడ్డదట. అది ఇసమేమో అని భయపడి పెంటకుప్పల పూడ్చిపెట్టొచ్చింది. అప్పటి సంది ఉతకకుంట ఎండబెడ్తుంది. నవ్వాల్నా ఏడ్వాల్నా? ఆ ఎండిన ఉచ్చనే మల్ల పిల్లకు కడ్తుంది. పిల్ల గజ్జలల్ల తోలు లేచి, పచ్చి పుండు అయింది. నీళ్ళు తగిలితే కీకలు పెడ్తుంది.

పిల్లను ఎత్తుకొని అందరం దవాఖానకు పోయినం. అవ్వ సోడా గుడ్డలతోనే ఇదంత అని ప్రమీల ఏడ్చింది. ప్లాస్టిక్ తొడిగిచ్చుడు వల్లనే అని తమ్ముడు గులిగిండు. పిల్లల డాక్టరమ్మ ఇద్దరినీ గదిమింది. డైపరు తప్పు కాదు, గుడ్డ తప్పు కాదు అన్నది. తడి మీద ఉంచితే ఏదైనా ఒరుస్తది. డైపరైతే మూడు నాలుగు గంటలకోసారి మార్చాలె, ఒకసారి వాడింది పారెయ్యాలె. గుడ్డయితే తడవంగనే తియ్యాలె, సోడా పోయేదాక మంచినీళ్ళల్ల రెండు మూడుసార్లు జాడియ్యాలె, ఎండల ఆరబెట్టాలె. దినాం కొంతసేపు ఏదీ కట్టకుంట గాలికి ఇడువాలె. పూసెటందుకు మందిచ్చింది.

ఇంటికొచ్చినంక తమ్ముడు, దినానికి ఆరు డైపర్లు మనతోని కాదు, గుడ్డలే మంచిగ జాడిద్దాం అన్నడు. జాడిద్దాం అంట! వాడు బకెటు ముట్టిన పాపాన పోలే. ప్రమీల పొద్దుగాల ఇన్ని గుడ్డలు నానబెట్టి ఉరికేది, ఆమెను ఎక్కువ అనలేను. మిగిలిందంత అవ్వ మీదనే. మూడుసార్లు జాడియ్యాలంటే మూడింతల నీళ్ళు, అవి బోరింగు నుంచి రావాలె.

పిల్ల పదిహేను దినాలల్ల నున్నగయింది. అవ్వ చేతులు మాత్రం సోడాకు పగిలి నెత్తురు కారినయి. ఆ పగుళ్ళల్ల తంబాకు దుమ్ము పడితే మంటకు పండ్లు గిట్టకరుసుకునేది. వేళ్ళు ఒంగకపోతే చుట్ట బిగువు రాదు. కార్ఖానల కట్టలు ఇప్పి సూసి సగం పారేసిన్రు. వాళ్ళిచ్చిన ఆకు లెక్కకు బీడీలు తక్కువైతున్నయని కూలి కోసిన్రు. కొన్నొద్దులకు ఆకు ఇచ్చుడే బందువెట్టిన్రు. పిల్ల నడక నేర్చేటాలకు కార్డు మీద అవ్వ పేరు కొట్టేసిన్రు. నేను పోయి కొట్లాడిన. పని జేయనోళ్ళ పేరు మేం ఉంచం అన్నరు. పింఛనుకు ఇంకా ఏడాది తక్కువ పడ్డది.

పిల్లకు రెండేండ్లు నిండిన నాడు అందరం కూసున్నం. ఇప్పుడు అది చెప్పి దొడ్డికి పోతది, గుడ్డలు బందయినయి. తమ్ముడు చుట్టాల ముంగట మీసం దువ్వుతుండు. రెండేండ్లల్ల సబ్బుకు సోడాకు పద్దెనిమిది వందలే అయినయి, నలబై వేలు మిగిలిచ్చిన అన్నడు. నాకు ఒళ్ళు మండింది.

"అవ్వ పింఛను కూడ కలుపురా ఆ లెక్కల. బతికినన్ని నెలలు వచ్చేది."

వాడు నాదిక్కు సూసిండు. నిజంగనే తెల్వలే వానికి, మొకం సూస్తెనే తెలుస్తుంది. "అవ్వకేం ఖర్చక్కా? అవ్వ ఇంట్లనే ఉన్నది గద," అన్నడు. ప్రమీల తల వంచుకున్నది. ఆమెకు మల్ల మూడో నెల.

ఈసారి గుడ్డలు నువ్వే ఉతుకుర మరి అన్న. అందరు నవ్విన్రు. నవ్వనిది అవ్వ ఒక్కతే. ఆమె కోపం వాని మీద కాదు, నా మీద.

"మొగోనితోని ఉచ్చగుడ్డలు ఉతికిపిస్తవా? సాలు తియ్ నీ మాటలు. ఇంట్ల మెత్తటి పాత చీరలుంటే తెచ్చియ్యి, ఇప్పటి సందే చింపిపెడ్త."

అట్లన్న అవ్వ నా చెయ్యి పట్టుకోబోయింది. వేళ్ళు మూసుకోలే.