ఐదు టిక్కులు వచ్చిన పంపు

వరంగల్‌లో వ్యవసాయ పనిముట్ల గురించి చెప్పే ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఒకటి నడుపుతున్నాను. పత్తికి మందు కొట్టే రోజులు దగ్గరపడ్డప్పుడల్లా అందరూ అడిగేది ఒక్కటే: వీపున మోసే చార్జింగ్ పంపుల్లో ఏది కొనాలి? బజారులో ఎక్కువగా పోయేవి రెండు. నీలం రంగుది పదహారు లీటర్లది, ఆకుపచ్చది ఇరవై లీటర్లది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, వేలితో జరుపుతూ చూసే స్లైడ్లు తయారు చేశాను.

అప్పటికే ఆకుపచ్చది నేను కొనుక్కున్నాను. ఈ సంగతి ఏ స్లైడులోనూ రాయలేదు.

ఒక్కో స్లైడులో ఒక్కో అంశం, మెరుగైనదానికి టిక్కు. ట్యాంకు పరిమాణం, బ్యాటరీ సామర్థ్యం, ఎన్ని గంటలు నడుస్తుంది, ఒక చార్జింగుకు ఎన్ని ట్యాంకులు కొడుతుంది, ఎన్ని నాజిళ్లు ఇస్తారు: ఈ ఐదూ ఆకుపచ్చకు. ధర, వారంటీ నీలానికి. చివరి స్లైడులో ఐదు-రెండు అని పెద్ద అక్షరాలు. బ్యాటరీ, గంటలు, ట్యాంకులు అని మూడుసార్లు చెప్పింది ఒకే గుణమని నాకు తెలియక కాదు. నేను కొన్నది గెలుస్తుంటే చూడటం బాగుంది. ఫొటోల్లో కూడా నాది కడిగి ఎండలో పెట్టాను. దుకాణంలో అడిగి తీసుకున్న నీలందాన్ని అక్కడి నీడలోనే తీశాను.

వర్ధన్నపేట దగ్గర మా చేనుకు మందు కొట్టే చాచా ఉన్నాడు. మాకు చుట్టం కాదు, చిన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తాను. ఊళ్లో చాలామందికి కూలికి కొడతాడు. ఆయన పాత పంపు పాడైంది. ఇంటిని నడిపేది ఆ పంపే, పైగా రెండేళ్ల క్రితం నడుము పట్టేసి దవాఖానలో పడుకుని వచ్చాడు. స్లైడ్లు పెట్టకముందే ఫోన్ చేసి, నీళ్లు నింపితే ఏది ఎంత బరువని అడిగాడు. తూచి చెప్తానన్నాను. తూచలేదు. బరువు స్లైడు పెడితే ఐదు-రెండు కాస్తా ఐదు-మూడు అవుతుందని మనసులో ఓ మూల తెలుసు.

ఆయన కూతురు ఫోన్లో ఒక్కో స్లైడూ చదివి వినిపించిందట. చాచా ఆకుపచ్చది కొన్నాడు.

వారం తర్వాత వెళ్తే గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నడుముకు బెల్టు. నొప్పి ఎలా ఉందని అడిగే ధైర్యం చాలక, పంపు ఎలా పని చేస్తోందని అడిగాను.

“పంపుకేమైంది బిడ్డా, మంచిగనే కొడ్తాంది. మోసేటోనికే అయితలేదు.”

సగమే నింపుకోవచ్చు కదా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

“నాకు ట్యాంకు లెక్కన కూలి ఇస్తరు. ఇరువై మోసినా గంతే, పదారు మోసినా గంతే. సగం నింపితె పటేల్ చూస్కుంట ఊకుంటడా? నువ్వేమో పెద్ద ట్యాంకుకు టిక్కు పెడ్తివి.”

సొంత చేనువాడికి లాభమైనది కూలివాడికి నష్టం. ఇన్నేళ్లు ఆయన చేత మందు కొట్టించుకుని, ట్యాంకుకింత అని చేతిలో పెట్టిన నాకు ఆ సంగతి తట్టలేదు. ఆయన పంపును దుకాణానికి తీసుకెళ్లాను. ఒకసారి మందు పోసిన పంపును వెనక్కి తీసుకోలేమన్నారు. వాళ్ల తప్పేమీ లేదు.

నీలందాన్ని మళ్లీ అడిగి తెచ్చి, పత్తి తూచే కాంటా మీద రెండింటినీ నీళ్లు నింపి తూచాను. ఆకుపచ్చది ఐదు కిలోలు ఎక్కువ. ఒకసారి పెట్టిన స్లైడులో బొమ్మ మార్చే వీలు లేదు, కింద రాసిన మాటలే దిద్దుకోవచ్చు. అందుకే పాతది మొత్తం తీసేసి కొత్తది చేశాను. టిక్కులు లేవు. రెండూ ఒకే చోట, ఒకే వెలుతురులో. ఏది నా సొంతమో మొదట్లోనే రాశాను. చివర్లో గెలుపు లేదు: సొంత చేను ఉండి, నీళ్లు దూరమైతే ఆకుపచ్చ, ట్యాంకు లెక్కన కొట్టేవాళ్లకు, నడుము బాగాలేనివాళ్లకు నీలం.

పెట్టేముందు చాచాకు వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. నీలం పంపు వాడుతున్న పక్క చేను మనిషిని తాను అడిగి తెలుసుకున్నాడట.

“దానికి పొద్దుగాల ఎక్కిస్తె పగటాల్లకే చార్జింగ్ దిగిపోతదట. గది రాసినవా?”

గంటల లెక్క ఉందన్నాను.

“లెక్క కాదు. మధ్యాహ్నం పని ఆగుతదని రాయి. నా మీద జాలితోని దాన్ని ఎక్కువ చేసి చెప్పకు, మల్ల ఇంకోడు కూసుంటడు ఇట్ల.”

రాశాను. కొత్తదాన్ని చూసినవాళ్లు పాతదానిలో సగం కూడా లేరు. ఏది గెలిచిందో చెప్పలేదేమని కొందరు విసుక్కున్నారు. పాత స్లైడ్ల స్క్రీన్‌షాట్లు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతున్నాయి; వాటిని నేను తీసేయలేను. నీలం పంపు ఒకటి కొని చాచా ఇంట్లో పెట్టి, ఆయన ఆకుపచ్చది నేను తెచ్చుకున్నాను. ఆయన వద్దనలేదు, సంతోషపడనూ లేదు. ఈ పంటకు మందు కొట్టే పనులన్నీ అప్పటికే వేరేవాళ్లకు వెళ్లిపోయాయి.