ఖాళీ గడి

ఎటోబికోలో మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే అమ్మాయి కాలేజీలో చదువుకుంటూ ఎయిర్‌పోర్టు దగ్గరి వేర్‌హౌస్‌లో పని చేసేది. ఒక వారం ఆరు గంటల ఓవర్‌టైమ్ చేసింది. ఆ డబ్బు రాలేదని ఆమె అనుమానం. అడిగితే జీతాల లెక్క చూసే పేరోల్ వాళ్లు, పే స్లిప్ ఫొటో మసకగా ఉంది, ఆదాయాలూ కోతలూ విడివిడిగా టైప్ చేసి పంపమన్నారట.

ఆ పని నేను నెత్తినేసుకున్నాను. రిటైరైన ఇంజనీరుకు కాగితం కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఫొటో పెద్దగా ప్రింట్ తీసి, నా పద్ధతిలో మొదలుపెట్టాను. ముందు శీర్షికలన్నీ ఒకదాని కింద ఒకటి కొట్టాను: రెగ్యులర్, ఓవర్‌టైమ్, వెకేషన్ పే. తర్వాత వాటి పక్కన అంకెలన్నీ పైనుంచి కిందికి దించాను: 1680.00, 67.20. కోతల్లో పెన్షన్, ఉద్యోగ బీమా, టాక్స్ మూడింటికీ అంకెలున్నాయి కాబట్టి అక్కడ ఏ గొడవా లేదు. ఆదాయాలు కూడితే 1747.20. స్లిప్పులోనూ అదే. సెంటు తేడా లేదు. మీసం మెలేశాను.

"నీకు ఓవర్‌టైమ్ ఇచ్చారమ్మా. అరవై ఏడు డాలర్ల ఇరవై సెంట్లు," అన్నాను.

"గంటకు ముప్పై కదా అంకుల్. ఆరు గంటలకు నూట ఎనభై రావాలె."

"టాక్స్ కట్ చేసుంటారు."

"టాక్స్ కోతల్లో ఉంది కదా అంకుల్. మళ్లీ ఇక్కడెట్ల కట్ చేస్తరు?"

నాకు చిర్రెత్తింది. కూడిక సరిపోయాక ఇంకేం కావాలని గదిమాను. ఆమె నా టేబుల్ మీది స్కేలు తీసి, ప్రింట్‌లో ఓవర్‌టైమ్ వరుస కింద ఆనించింది. ఆ వరుసలో అంకె లేదు. స్కేలు ఒక వరుస దింపింది. వెకేషన్ పే ఎదురుగా 67.20. సెలవుల కింద జీతం మీద ఇచ్చే నాలుగు శాతం, పదహారు వందల ఎనభైకి లెక్కకు లెక్క.

ఖాళీని వదిలేసి కింది అంకెను పైకి జరిపేశాను. మొత్తం మారదు కాబట్టి కూడిక నన్ను పట్టివ్వలేదు. ఆ జాబితా వెళ్లి ఉంటే, ఓవర్‌టైమ్ ముట్టిందని ఆ పిల్ల తరఫున నేనే రాసిచ్చినట్టు. సిగ్గేసింది.

"ఓవర్‌టైమ్ దగ్గర ఏం కొట్టమంటావు?" అన్నాను, గొంతు తగ్గించి.

"ఖాళీ అని కొట్టండి అంకుల్."

ఈసారి ఆమె స్కేలు జరుపుతూ ఒక్కో వరుసా చదివింది, నేను గుమాస్తాలా కొట్టాను.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. ఓవర్‌టైమ్ ఎదురుగా ఖాళీ ఉండటం గమనించారట, నూట ఎనభై వచ్చే జీతంలో కలుపుతారట. నేను ఏమీ లేదని తీసిపారేసిన గడి చూసే ఒప్పుకున్నారు. ఆ మెయిల్ నాకు చూపించింది గానీ, ఆ రోజు తనతో బేస్‌మెంట్‌కు పట్టుకెళ్లిన నా స్కేలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.