ఆండ్రాయిడ్ ఎనిమిదికి ఇవతల

వనపర్తిలో మా ఆఫీసు రెండు గదులు. నేను, మా అన్నలాంటి యజమాని, ఇంకో అమ్మాయి. గద్వాల నేతవాళ్లకు ఆర్డర్లు చేరవేసే యాప్ మాది. చీర కావాలన్న వాళ్ల ఆర్డరు నేతవాళ్లందరి ఫోన్లలోనూ ఒకేసారి మోగుతుంది. ఎవరు ముందు ఒప్పుకుంటే ఆ మగ్గానికి పని.

ఆ సంవత్సరం కొనేవాళ్లు మగ్గాన్ని వీడియోకాల్‌లో చూపమని అడగడం మొదలుపెట్టారు. వీడియో కోసం మేము వాడే బయటివాళ్ల కోడ్ లైబ్రరీ కొత్త వెర్షన్ ఆండ్రాయిడ్ ఎనిమిదికి కింద పనిచేయదు. పాత వెర్షన్‌ను తయారుచేసినవాళ్లే వదిలేస్తున్నామన్నారు. మా యాప్ అప్పటికి ఆండ్రాయిడ్ ఆరు నుంచి నడుస్తోంది. పాత ఫోన్ల కోసం ప్రతిదీ వేరుగా పరీక్షించాలి. పరీక్షకు ఉంచుకున్న ఫోన్ బ్యాటరీ ఉబ్బి, వెనక మూత లేచిపోయింది. వారంలో సగం ఆ కొద్దిమంది ఫోన్లలో వచ్చే తప్పుల వెంటే పోయేది.

అన్న దేశం మొత్తం మీద ఏ వెర్షన్ ఎంతమంది వాడుతున్నారో చూపే పట్టిక తెరిచాడు. ఎనిమిదికి కింద సన్నటి గీత.

"వీళ్ల కోసం అందర్నీ ఆపుదామా?"

"అది దేశం లెక్క అన్నా. మన యాప్ లెక్క చూడు." యాప్ తయారుచేసేవాళ్లకు గూగుల్ ఇచ్చే ప్లే కన్సోల్‌లో మా వాళ్ల వాటా తెరిచాను. ఆ గీత ఇక్కడ లావుగా ఉంది. "ఇది గూడ పూర్తి లెక్క గాదు. పోయినసారి ఐదును తీసేసినం. వాళ్లు ఇప్పుడు ఈ లెక్కల యాడ కనవడ్తరు?"

అన్న తన పట్టిక మూసేశాడు. "నిజమే. కానీ రెండు యాప్‌లు నడిపే మనుషులు మనకాడ లేరు. నువ్వే చెప్పు, ఏం జేద్దాం?"

కనీస వెర్షన్ ఎనిమిదికి మార్చాను. ఫైల్‌లో ఒక అంకె, అంతే. పాత యాప్ ఉన్న ఫోన్లలో అది తెరుచుకుంటుంది గానీ, సర్వర్ కొత్త పద్ధతికి మారిన రోజు నుంచి ఆర్డర్లు రావు. ఆ మాట ముందే చెప్పడానికి నేనే గద్వాల వెళ్లాను.

అక్కడ ఒక కాక ఉండేవాడు. ఆయనా, నేను చిన్నమ్మ అని పిలిచే ఆయన భార్యా మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేసేవారు. చీర నూలు ఒడలికి పట్టు అంచు కలిపే నేత ఒక్కరి వల్ల కాదు. షావుకారు దగ్గర కూలికి నేయడం మానేసి, మా యాప్‌ను నమ్ముకున్న మొదటి కొద్దిమందిలో వాళ్లొకరు. ఆయన ఫోన్‌లో ఉన్నది ఆండ్రాయిడ్ ఆరు.

"మంచిగనే మోగుతున్నది గద బిడ్డా. దీనికేమయింది?" అన్నాడు కాక.

"ఫోన్‌కేం గాలే కాకా. కంపెనోళ్లు దీనికి కొత్త ఆండ్రాయిడ్ ఇస్తలేరు. మా యాపేమో కొత్తది అడుగుతున్నది."

"అంటే మమ్మల్ని వద్దంటున్నరా?" అడిగింది చిన్నమ్మ.

కాదని అన్నాను. ఇంకో ఫోన్ చూసుకోమన్నాను.

సర్వర్ మారాక ఆయనకు నేనే ఫోన్ చేసి ఆర్డర్లు చెప్పడం మొదలుపెట్టాను. పోగు నడిపే నాడె వదిలి, చేయి తుడుచుకుని ఆయన ఫోన్ ఎత్తేలోపే యాప్‌లో ఇంకెవరో ఒప్పుకునేవారు. ఒక్క ఆర్డరూ ఆయనకు దక్కలేదు.

ఒక మధ్యాహ్నం కాకే ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం. "అయిజకు వొయ్యి ఫోన్ తీస్కొచ్చిన బిడ్డా. ఇంత పెద్ద తెర! జర వచ్చి యాప్ ఎక్కియ్యరాదు."

మర్నాడే వెళ్లాను. వాడిన ఫోనే అయినా కొత్తదానిలా మెరుస్తోంది. చిన్నమ్మ దానికి పట్టు పీలికలతో సంచి కూడా కుట్టింది. ప్లేస్టోర్‌లో మా యాప్ పేరు కొట్టాను. ఈ పరికరానికి ఈ యాప్ పనికిరాదని వచ్చింది. సెట్టింగ్స్ తెరిచాను. ఆండ్రాయిడ్ ఏడు.

"ఏందమ్మా?"

"కాకా, ఇది గూడ పాతదే."

"పాతదెట్లయితది? గంత పెద్దగున్నది!"

"అమ్మినోన్ని ఏ ఆండ్రాయిడ్ అని అడిగినవా?"

"గదంత నాకేం తెల్వదు. పెద్దది కావాలన్న. ఇచ్చిండు."

వాపసు తీసుకుంటాడేమోనని ఇద్దరం అయిజ బస్సెక్కాం. దుకాణంవాడు ఫోన్ తిప్పి చూసి, మోగుతోంది, కెమెరా పనిచేస్తోంది, ఇంకేం కావాలి, వాపసు తీసుకోనన్నాడు. వాడు చెప్పిందీ అబద్ధం కాదు. తిరుగు బస్సులో కాక కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాడు. గద్వాలలో దిగాక, "నీకు పరేషాన్ అయింది బిడ్డా" అన్నాడు.

ఆఫీసుకు వచ్చి, కనీస వెర్షన్ ఏడు దాకానైనా తగ్గించగలమా అని అన్నను అడిగాను. అడుగుతున్నప్పుడే జవాబు నాకు తెలుసు. లైబ్రరీ ఒప్పుకోదు.

కొన్నాళ్లకు ఇంకో పని మీద గద్వాల వెళితే కాక ఇంటి ముందు ఆగాను. తలుపు వేసి ఉంది. ఇద్దరూ మళ్లీ షావుకారు ఇంటి మగ్గం మీద కూలికి నేస్తున్నారని పక్కింటామె చెప్పింది. వెళ్లాను. చిన్నమ్మ తలెత్తి నవ్వి, మళ్లీ పోగు చూసుకుంది. కాక చేయి ఆపకుండానే, "తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. తిన్నానన్నాను.